టవర్ పోలేదు, బొమ్మ ఆగింది

మా బోధన్‌లో ఫోన్‌లో ఏది ఆగినా ఒకటే మాట: టవర్ పోయింది. పాట ఆగితే టవర్ పోయింది. పంపిన పైసలు చేరకపోతే టవర్ పోయింది. అవతలివాడు మన పేరు చూసి కావాలనే ఎత్తకపోయినా పాపం టవర్‌దే. గాలివాన వచ్చి కరెంటు పోతే కాసేపటికి టవర్ కూడా నిజంగానే పోయే ఊరు కాబట్టి, ఆ మాట అనేవాళ్లను తప్పు పట్టడానికి లేదు. ఆ సాయంత్రం నేనూ అదే అన్నాను. అని, మా బాపును స్కూటీ వెనక ఎక్కించుకుని టవర్ వెతుక్కుంటూ ఊరి బయటికి పరుగెత్తాను.

బాపుకు చెవులు వినపడవు. చక్కెర ఫ్యాక్టరీలో ఆవిరి పైపుల దగ్గర ఫిట్టరుగా పనిచేసి పనిచేసి పోయాయి. చెరకు నలిగే మిల్లు హౌసులో మనిషి చెవిలో అరిచినా ఇంకో మనిషికి వినపడేది కాదట. అందుకని అక్కడి వాళ్లు అరవడం మానేసి పెదవులు కదిపేవారు, చేతులు కదిపేవారు. ఒకరి మూతి ఇంకొకరు చదివేవారు. రోలర్ల దగ్గర పనిచేసే మా చాచా, పైపుల దగ్గర పనిచేసే మా బాపు ఈ కొస నుంచి ఆ కొసకు గంటల తరబడి కబుర్లు చెప్పుకునేవారని తోటివాళ్లు నవ్వేవారు.

చాచా అంటే మా ఇంటి వెనక ఇంట్లో ఉండే బాపు దోస్తు. మాకు చుట్టం కాదు, చుట్టం కంటే ఎక్కువ. రంజాన్ పండగకు వాళ్లింటి షీర్‌ఖుర్మా గిన్నె మా గోడ మీదుగా వచ్చేది, మా పచ్చి పసుపు కొమ్ములు అదే గోడ మీదుగా పోయేవి. ఆదివారం దొరికితే ఇద్దరూ కలిసి పోచంపాడ్ డ్యాం దాకా పోయి చేపలు తెచ్చేవారు. పట్టి తెచ్చామనేవారు. కొనుక్కొచ్చారని మా అమ్మకు తెలుసు, అయినా పులుసు పెట్టేది.

సీజన్ వచ్చిందంటే ఊరంతా పుల్లటి తీపి వాసన. చెరకు బండ్లు రోడ్డు పొడవునా వరస కట్టేవి. మేం పిల్లలం వెనకనుంచి గడలు లాగేవాళ్లం, బండివాళ్లు తిట్టేవారు, ఆ తిట్లు కూడా తియ్యగానే ఉండేవి. ఆరేసిన బట్టల మీద పొగగొట్టం నుంచి నల్లటి నుసి రాలేది. ‘తెల్ల చీర కొనియ్యకు నాకు’ అని అమ్మ బాపుతో కొట్లాడేది. ఆ నుసిని అప్పుడు తిట్టుకున్నాం కానీ, ఫ్యాక్టరీ మూతపడ్డాక మొదటి చలికాలం తీగ మీద బట్టలు శుభ్రంగా ఆరుతుంటే అమ్మ వాటి కింద నిలబడి ఏడ్చింది. నాకు ఇప్పటికీ తెల్లబట్ట ఆరేస్తే గుండెలో ఏదో కలుక్కుమంటుంది.

పని అయి ఇంటికొచ్చినా వాళ్లిద్దరి అలవాటు పోలేదు. అరుగు మీద ఎదురెదురుగా కూర్చుని, గొంతు లేకుండా మూతులు ఆడిస్తూ మాట్లాడుకునేవారు. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. ‘ఇంట్ల గూడ మిల్లేనా మీకు, మాకు గింత వినవడనియ్యిండ్రి’ అని అమ్మ విసుక్కునేది. వినపడితే ఏముందిలే, సగం మా ఫోర్‌మన్ మీద చాడీలే అని చాచా నవ్వేవాడు.

అమ్మ పోయాక బాపు నా దగ్గరే ఉంటున్నాడు. బోధన్‌లోనే మా ఇల్లు, ముందు గదిలో నా కుట్టుమిషన్లు. మా ఆయన నిజామాబాద్‌లో కంఠేశ్వర్ దగ్గర ఒక బట్టల దుకాణంలో పనికి రోజూ బస్సు మీద పోయి వస్తాడు. చాచీ పోయాక చాచా హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ కూతురు నాకంటే పెద్దది, నేను ఆపా అంటాను. దోస్తులిద్దరూ విడిపోయిన కొత్తలో బాపు అన్నం సరిగా తినలేదు. అరుగు మీద ఒక్కడే కూర్చుంటే ఎవరి మూతి చూడాలి? ఫోన్ చేసిస్తే వినపడదు. అప్పుడు నేను ఒక ట్యాబ్ కొన్నాను. ఫోన్ చిన్న తెరలో పెదవులు ఆనవు, పలకంత ట్యాబ్‌లో బాగా కనిపిస్తాయి. దానికి సిమ్ము లేదు. నా ఫోన్‌లో హాట్‌స్పాట్ పెడితే, నా ప్రీపెయిడ్ డాటాతో ట్యాబ్‌లో వీడియో కాల్ వచ్చేది. రోజూ సాయంత్రం ఇద్దరు ముసలివాళ్లు అద్దానికి ఇటొకరు అటొకరు కూర్చుని చప్పుడు లేకుండా మూతులాడించేవారు. అది చూస్తే నాకు మా అరుగు తిరిగొచ్చినంత సంతోషంగా ఉండేది.

ఆ తర్వాత చాచా గొంతులో పుండు లేచింది. చుట్టలు, బీడీలు ఊరికే పోతాయా. గొంతుపెట్టె తీసేయాలన్నారు డాక్టర్లు. మాట ఇక ఉండదు, మెడ దగ్గర పెట్టిన రంధ్రం నుంచి ఊపిరి తీసుకోవాలి అన్నారు. ఆపరేషన్ బాగానే అయింది. ఆదివారం పోయి చూద్దామని బాపూ నేనూ అనుకున్నాం. ఆదివారం దాకా ఆగడం కుదరలేదు.

ఆ రోజు పొద్దున్నే ఆపా ఫోన్ చేసింది. 

“అబ్బా నిన్నటి సంది ఊకుంట లేడు. చెయ్యి నోటికాడికి తీస్కపోతడు, నీళ్లడుగుతున్నడు అనుకుంటున్న. నోట్ల సుక్క పోస్తే ప్రమాదమని చెప్పిండ్రు, నేనెట్ల ఇయ్యాలె? ఛాతీ మీద కొట్టుకుంటడు. గుండె నొప్పేమో అని మిషిను పెట్టి సూసిండ్రు, ఏం లేదన్నరు. అన్నిటికంటే ఎక్కువ, తిండికని ముక్కుకు పెట్టిన పైపు పట్టుకుంటడు. అది గుంజుకుంటే మళ్ల కష్టమట. గిట్లనే చేస్తే రాత్రికి చేతులు మంచానికి కడతమని నర్సమ్మ అన్నది.”

ఆమె ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. చాచాకు సంతకం తప్ప రాత రాదు. కాగితం ఇస్తే తన పేరే మళ్లీ మళ్లీ రాస్తున్నాడట. గొంతు పోయిన మనిషికి మిగిలినవి ఆ రెండు చేతులే. వాటిని కూడా కట్టేస్తారా?

“మామా ఒక్కసారి సూస్తే మతలబు తెలుస్తది. సాయంత్రం మనుషులను లోపలికి పోనిచ్చినప్పుడు నేను వీడియో చేస్త. మీరు తయారుండుండ్రి” అంది. మామా అంటే మా బాపే.

నేను మామూలుగా పనులు వాయిదా వేసే మనిషినే. ఆ రోజు మాత్రం అతి జాగ్రత్తకు పోయాను. సాయంత్రం తడబడకూడదని పొద్దున్నుంచే హాట్‌స్పాట్ పెట్టి, ట్యాబ్‌ను చార్జింగ్‌లో పెట్టి, రెండింటినీ కలిపి ఉంచాను. మధ్యాహ్నం గాలివాన వచ్చింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. ఫోన్‌కు ఏవో మెసేజ్‌లు వచ్చాయి. ఇంగ్లిషులో వచ్చేవన్నీ రీచార్జి చేయమనే గోలే అనుకుని చూడలేదు.

కాల్ అనుకున్నట్టే వచ్చింది. బాపు తలకు నూనె పెట్టుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నాడు. తెర మీద చాచా. మెడకు కట్టు, ముక్కుకు సన్నటి పైపు. బాపును చూడగానే ఆయన కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి లేచింది. నోటి దగ్గరికి వచ్చింది, అక్కడి నుంచి పైపు మీదికి పోయింది. అంతే, బొమ్మ ఆగిపోయింది. చెయ్యి పైపును పట్టుకున్నట్టే నిలిచిపోయింది. తర్వాత చక్రం తిరిగింది, తిరిగి తిరిగి కాల్ కట్టయింది.

“టవర్ పోయింది” అన్నాను.

ట్యాబ్ మీద ‘ఇంటర్నెట్ లేదు’ అని వచ్చింది. ఇంకాసేపటికి అది హాట్‌స్పాట్‌నే విడిచిపెట్టింది. ఫోన్‌లో చూస్తే హాట్‌స్పాట్ దానంతట అదే ఆరిపోయి ఉంది. మళ్లీ వేశాను. ట్యాబ్ పట్టుకున్నట్టే పట్టుకుని మళ్లీ విడిచింది. ఫోన్‌ను విమానం గుర్తు నొక్కి ఆపి తెరిచాను, మొత్తం ఆర్పి వెలిగించాను. ఊళ్లో అందరికీ తెలిసిన వైద్యాలన్నీ చేశాను. పక్కింటివాళ్ల ఫోన్ అడుగుదామంటే నాట్లకు పోయారు, తాళం వేసి ఉంది. కరెంటు లేదు, ఆకాశం మబ్బుగా ఉంది. ఇంకేం రుజువు కావాలి?

“బాపు, లెవ్వు. నిజామాబాద్ రోడ్డు మీద ఇంకో టవర్ ఉన్నది, గాడికి పోదాం” అని ఆయన ముందు నిలబడి మూతి ఆడించాను.

ఆయన వెంటనే లేచాడు. ట్యాబ్‌ను చంటిపిల్లలా గుండెకు హత్తుకుని వెనక కూర్చున్నాడు. ఆస్పత్రిలో చూడనిచ్చే సమయం అయిపోతే ఆపాను బయటికి పంపేస్తారు. ఆపా లేకపోతే ఫోన్ పట్టుకునేవాళ్లు లేరు, రాత్రికి చేతులు కట్టేస్తారు. నా బుర్రలో అదొక్కటే తిరుగుతోంది. గుంతలో స్కూటీ ఎగిరినప్పుడు నాకు బాపు గుర్తుకు రాలేదు, ట్యాబే గుర్తొచ్చింది. తర్వాత సిగ్గేసింది.

రోడ్డు పక్కన ఒక చెరకు రసం బండి దగ్గర ఆపాను. వాన వల్ల బండిమీద గుడ్డ కప్పి ఉంది, మనిషి లేడు. చుట్టూ నీళ్లు నిలిచిన వరి మళ్లు. నా చిన్నప్పుడు ఇదంతా చెరకు. లోపలికి పోతే దారి తప్పేవాళ్లం. ఇప్పుడు రసం బండికి చెరకు ఎక్కడి నుంచి తెస్తాడో మరి.

హాట్‌స్పాట్ వేశాను. ట్యాబ్ పట్టుకుంది. ‘ఇంటర్నెట్ లేదు’ అంది. నాకు ఒళ్లు మండిపోయింది. టవర్‌ను, వానను, ట్యాబ్ అమ్మినవాడిని, అందరినీ వరసబెట్టి తిట్టాను. బాపుకు వినపడదు కానీ మూతి చదువుతాడు కదా. తల పక్కకు తిప్పుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. ఆపా.

“ఏమైందే, కనిపిస్తనే కట్టయింది. అబ్బా తెర దిక్కే సూస్తున్నడు. ఇంక జరసేపే ఉండనిస్తరంట.”

“టవర్ పోయింది ఆపా, ఒక్క అయిదు నిమిషాలు” అని పెట్టేశాను.

బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. “ఎవలు?”

“ఆపా.”

“టవర్ లేకుంటే గామె మాట ఎట్లచ్చింది?”

నిజమే. ఆపా మాట పక్కన కూర్చుని చెప్పినట్టు వినపడింది. ఫోన్ పైన గీతలు చూశాను. నిండుగా ఉన్నాయి. ఇంట్లో కూడా నిండుగానే ఉండి ఉంటాయి, నేను చూస్తే కదా. టవర్ నిజంగా పోయిన రోజున గీతలుండవు, ఫోన్ రాదు, పోదు. ఇక్కడ ఫోన్ వచ్చింది. ఆపాకు ‘ఆగు’ అని రెండక్షరాలు పంపి చూశాను. నింపాదిగా, పెళ్లికూతురు నడిచినట్టు, పోయింది. ఒక ఫొటో పంపితే పోలేదు, చక్రం తిరుగుతూనే ఉంది.

అప్పుడు మధ్యాహ్నం నుంచి చూడని మెసేజ్‌లు తెరిచాను. ఒకటి, ఈ రోజు డాటా సగం అయిపోయిందని. ఇంకొకటి, సరిగ్గా మా కాల్ వేళది, మొత్తం అయిపోయిందని, అర్ధరాత్రి మళ్లీ మొదలయ్యేదాకా వేగం తగ్గిస్తామని. ట్యాబ్ తెర పైనుంచి కిందికి లాగితే అసలు దొంగ దొరికింది. హాట్‌స్పాట్‌ను ఇంటి వైఫై అనుకుని, పొద్దున్నుంచి ట్యాబ్ తన అప్‌డేట్లు తాను దించుకుంటూ కూర్చుంది. నా అతి జాగ్రత్తే దానికి విందు పెట్టింది.

బాపుకు చేతులతో, మూతితో ఎలాగో చెప్పాను. నెట్ తెగలేదు, రోజు వాటా అయిపోయింది, అందుకని సన్నగా చేశారు అని. ఆయనకు నాకంటే ముందే అర్థమైంది.

“బాయిలర్ ఆరిపోలే. ఆవిరి ఉన్నది. వాల్వు బిగించిండ్రు” అన్నాడు. “సన్నగ అచ్చే ఆవిరితోని చిన్న పని నడుస్తది, మిల్లు నడువది. గంతేనా?”

అంతే. అక్షరం నడుస్తుంది, బొమ్మ నడవదు. నెట్ ఉందా అని ట్యాబ్ అడుగుతుంది, జవాబు పాకుతూ వచ్చేలోపు దానికి ఓపిక పోతుంది, లేదని రాసుకుని విడిచిపెడుతుంది. పట్టుకున్నవాళ్లెవరూ లేరని చూసి కొంతసేపటికి ఫోన్ హాట్‌స్పాట్‌ను మూసేస్తుంది. మనకు అన్నీ తెగిపోయినట్టు కనిపిస్తాయి. నిజానికి తెగింది ఏదీ లేదు. ఇంట్లోనే ఒక్క నిమిషం నిదానించి ఉంటే ఈ రోడ్డు ఎక్కే పనే లేదు. ఈ రోడ్డు మీద ఎన్ని టవర్లు దాటినా నా సిమ్ము వాటా పెరగదు.

అదనపు డాటా వేసుకుందామని ఫోన్‌లో చూస్తే, పైసలు కట్టే యాప్ కూడా ఆ సన్నటి ధారలోనే ఇరుక్కుని తెల్ల తెర చూపిస్తోంది. ఫోన్ మాట నడుస్తోంది కదా అని కంఠేశ్వర్‌లో ఉన్న మా ఆయనకు చేశాను.

“నా నంబరుకు డాటా ఒక్కటే అచ్చే ప్యాకు ఎయ్యి. ఇప్పుడే.”

“గిరాకి ఉన్నరే, ఏ ప్యాకు, ఎంత...”

“ఏదైనా సరే. నువ్వు ముందుగాల ఎయ్యి, మాటలు ఇంటికచ్చినంక మాట్లాడుదాం.”

నా గొంతులో ఏం విన్నాడో, ‘ఏస్త’ అని వెంటనే పెట్టేశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా మాట అంత త్వరగా విన్నది అదే. ఈలోపు ట్యాబ్‌లో అప్‌డేట్లు అన్నీ ఆపేశాను, ఇంకోసారి తాగిపోకుండా. ప్యాకు పడిందని మెసేజ్ వచ్చింది. డాటా ఆపి మళ్లీ వేశాను, హాట్‌స్పాట్ పెట్టాను. ట్యాబ్ పట్టుకుంది. ఈసారి విడవలేదు.

రసం బండి మీది గుడ్డ పక్కకు తోసి, రోలర్ల పక్కన చెక్క మీద ట్యాబ్ నిలబెట్టాను. బాపు దాని ముందు వంగి నిలబడ్డాడు. వీడియో కాల్ చేశాను, ఆపా ఎత్తింది. వెనక ఎవరో ‘టైమయింది, టైమయింది’ అంటున్నారు. ఆపా ఫోన్‌ను చాచా ముఖం ముందు పెట్టింది.

చాచా ముఖంలో విసుగు, అలసట. చెయ్యి లేచింది. నోటి దగ్గరికి పోయింది. పైపు మీదికి పోయింది. ఛాతీ మీద రెండుసార్లు తట్టుకుంది. వేలు గాలిలో గుండ్రంగా తిరిగింది. పెదవులు చిన్నగా కదిలాయి. బాపు కన్నార్పలేదు. ఇంకోసారి చెయ్యమని సైగ చేశాడు. చాచా అన్నీ మళ్లీ చేశాడు, ఈసారి నెమ్మదిగా, రోలర్ల కొస నుంచి చెప్పినట్టు.

బాపు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి.

“ఏమంటున్నడు మామా, నీళ్లేనా?” అని ఆపా అరిచింది. ఆయనకు వినపడదని మరిచిపోయింది. నేను మూతితో అడిగాను.

“వాడు నీళ్లడుగుతలేడు బిడ్డా” అన్నాడు బాపు, ట్యాబ్ వైపు వంగి, వినపడని వాళ్లు మాట్లాడినట్టు గట్టిగా. “గది మా మిల్లు మాట. డ్యూటీల ఒకడు ఆకలితోని నిలవడ్డడనుకో, పక్కోడు గట్లనే చెప్తడు. నువ్వు పోయి తిను, నీ మిషిను నేను సూసుకుంట అని. వేలు తిప్పితే మిషిను, ఛాతీ తట్టుకుంటే నేనున్న అని. నొప్పి గాదు.”

“మరి పైపు?” అని ఆపా అడిగింది, నేను మూతితో అందించాను.

“పైపు గుంజుతలేడు, సూపిస్తున్నడు. నా తిండి గిందులకెళ్లి అస్తున్నది, నా కడుపు నిండింది, నువ్వెందుకు తింటలేవు అంటున్నడు. నిన్నటి సంది నువ్వేం తిన్నవు?”

 అటు ఫోన్ పక్కకు ఒరిగింది, పైకప్పు కనిపించింది, అక్కడే నిలిచింది. మళ్లీ బొమ్మ ఆగిందేమో అని నాకు భయమేసింది. ఆగలేదు. ఆపా ఏడుస్తోంది, అంతే. నిన్నటి నుంచి ఆ మంచం పక్కన నుంచి ఆమె కదల్లేదట. ఎవరో తెచ్చిన టిఫిన్ డబ్బా మంచం కింద అలాగే ఉందట. ఆమె నర్సును పిలిచి, ఏడుపు మధ్యలోనే చెప్పింది. పైపు లాక్కోవడం లేదమ్మా, నన్ను తినమంటున్నడు అని. నర్సు ఏమందో మాకు వినపడలేదు. కానీ టైమయిందన్న గొంతు మళ్లీ వినపడలేదు.

ఆపా ఫోన్‌ను మంచం పక్కన దేనికో ఆనించి పెట్టింది. ఇప్పుడు ఇద్దరూ కనిపిస్తున్నారు. డబ్బా మూత తీసింది. ఎప్పటిదో రొట్టె, ఎండి గట్టిపడి ఉంది. తుంచడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చింది. తండ్రి ముఖం చూస్తూ ఒక ముక్క నోట్లో పెట్టుకుని నమిలింది. ఇంకొకటి పెట్టుకుంది.

చాచా ఆమె గొంతు కిందికి ముద్ద దిగేదాకా చూశాడు. ఆ తర్వాత చేతులు రెండూ దించి దుప్పటి మీద పెట్టుకున్నాడు. మేం చూస్తున్నంతసేపూ అవి మళ్లీ లేవలేదు.